మా పాప ఏమీ తినట్లేదు, 22 నెలలు. దయచేసి చెప్పండి

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 19, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది రాజాం పక్క ఊరు. పాపకి 22 నెలలు. ఏడాది నిండేవరకూ ఏది పెడితే అది తినేది. పప్పన్నం, చోడి జావ, అరటిపండు, దేనికీ పేచీ లేదు. ఆ తర్వాత నుంచి తిండి చూస్తేనే మూతి తిప్పేస్తోంది. పొద్దున్న ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుని పది నిమిషాలు దవడకి దాచుకుంటుంది, తర్వాత ఉమ్మేస్తుంది. మధ్యాహ్నం రెండు ముద్దలు, అదీ ఫోన్‌లో పాటలు పెడితేనే. రాత్రయితే అదీ లేదు. ఒక్కో పూట తినిపించడానికి గంటన్నర పడుతోంది. తను ఏడుస్తుంది, నేనూ ఏడుస్తాను.

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. ప్రతి ఒక్కరూ పిల్లని ఎత్తుకోవడం, "ఏటే ఇలాగ ఎండిపోయింది" అనడం. మా అత్తయ్య దిష్టి అంటారు, రోజూ ఉప్పు మిరపకాయలు తీస్తున్నారు. మా ఆయన మందుల షాపులో అడిగితే ఆకలి పుట్టే సిరప్ అని ఒకటి ఇచ్చారు. నాలుగు రోజులు వేశాను. కాస్త తింది కానీ పగలంతా మగతగా ఉంటోంది, భయమేసి ఆపేశాను. మళ్ళీ వెయ్యాలా? జబ్బు ఏదైనా ఉందంటారా?

చీపురుపల్లి నాన్న | జనవరి 19, రాత్రి 11:15

చెల్లెమ్మా, కంగారు పడకు. మా వాడూ ఇంతే. ఈ వయసు పిల్లలు ఆకలేస్తే వాళ్ళే తింటారు, ఏ పిల్లా ఎదురుగా అన్నం పెట్టుకుని పస్తు పడుకోదు. మనం వెంటపడే కొద్దీ మొండికేస్తారు. రెండు రోజులు ఏమీ ఇవ్వకు, పాలు కూడా బంద్ చెయ్యి. మూడో రోజు తనే కంచం లాక్కుంటుంది. ఆకలి సిరప్పులు మాత్రం వద్దు.

టెక్కలి బామ్మ | జనవరి 20, ఉదయం 6:05

ఓలమ్మా, రెండు రోజులు పసిపిల్లని పస్తు పెడతారేటి బాబూ! నానూ నలుగురు పిల్లల్ని పెంచినాను, ఆరుగురు మనవలు. పళ్ళు దిగినప్పుడు ఏ పిల్లా తిండి తినదు. దవడ పళ్ళేమో చూడు తల్లీ, వేలెట్టి తడిమితే తెలుస్తాది. పాలు తాగుతాది కదా, మరి భయమేటి? పాలుంటే పిల్ల బతుకుతాది. మీ అత్తగారిని తప్పు పట్టకు, దిష్టి తీస్తే పిల్లకి నష్టమేటీ నేదు, ఆవిడకీ మనసు కుదుటపడతాది.

పలాస శీను | జనవరి 20, ఉదయం 8:30

మా బాబుకీ ఇదే సమస్య అక్కా. ఎనిమిదో నెల. ఉగ్గు పెడితే నాలుకతో బయటికి తోసేస్తున్నాడు. మా ఊళ్ళో దొరికేవి జీడిపప్పులే కదా అని నానబెట్టి రుబ్బి పాలల్లో కలిపి ఇస్తున్నాం. ఎంత ఇవ్వొచ్చు?

అంగన్‌వాడీ టీచర్, బొబ్బిలి వైపు | జనవరి 20, మధ్యాహ్నం 1:50

శీను తమ్ముడూ, నీది వేరే ప్రశ్న. ఎనిమిది నెలల వాడు నాలుకతో తొయ్యడం తిండి వద్దని కాదు, ముద్దని వెనక్కి తీసుకోవడం ఇంకా నేర్చుకుంటున్నాడు. దానికి వేరే పోస్టు పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం. ఒక్క మాట మాత్రం ఇక్కడే: పప్పుగింజ ఏదైనా మెత్తగా రుబ్బే పెట్టు. పలుకులు, వేరుశెనగ గింజలు నాలుగేళ్ళు దాటేదాకా చేతికివ్వకు, గొంతులో పడితే ఊపిరాడదు.

రాజాం అమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. పాప బరువు ఎక్కడా రాయలేదు. "ఎండిపోయింది" అనేది చుట్టాల మాట. మాకు తూనిక మాట కావాలి. మీ సెంటర్లో ఇచ్చిన తల్లీబిడ్డ కార్డు తియ్యి. పుట్టినప్పుడు ఎంత, ఏడాదికి ఎంత, ఇప్పుడెంత రాయి. ఈ నెల తూయించకపోతే రేపు వెళ్ళు. చెప్పులు, స్వెట్టరు తీసి తూయమను. చలికాలం బట్టలతో తూస్తే పావు కిలో తేడా వస్తుంది. బరువు పెరిగిందని మనం మోసపోతాం.

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 21, సాయంత్రం 5:20

టీచర్‌గారూ, ఈ రోజే తూయించాను. పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఏడాదికి 8.2. ఏడాదిన్నరకి 9.4. ఇప్పుడు 10.1. ఆవిడ కార్డులో చుక్క పెట్టి ఆకుపచ్చలోనే ఉంది అన్నారు. కానీ ఏడాదిలో అయిదున్నర కిలోలు పెరిగిన పిల్ల, తర్వాత పది నెలల్లో రెండు కిలోలు కూడా పెరగలేదు. తినకపోవడం వల్లే కదా?

డాక్టరు పిన్ని, విజయనగరం | జనవరి 21, రాత్రి 9:45

అమ్మా, నేను పిల్లల డాక్టరుని. ఇరవై ఏళ్ళుగా ఈ మాట రోజుకి ఒక్కసారైనా వింటాను. నీ లెక్క సరైనదే, దాని అర్థం మాత్రం తిరగబడింది.

పిల్ల తినక పెరుగుదల తగ్గలేదు. పెరుగుదల నెమ్మదించే వయసొచ్చింది కాబట్టి ఆకలి తగ్గింది. మొదటి ఏడాది పుట్టిన బరువుకి సుమారు మూడు రెట్లు అవుతారు. ఆ వేగం జీవితంలో మళ్ళీ రాదు. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పొడుగూ అంతే, మొదటి ఏడాది పాతిక సెంటీమీటర్లు, రెండో ఏడాది అందులో సగం. అంత పెరుగుదల లేనప్పుడు అంత తిండీ అక్కర్లేదు. పదకొండో నెలలో తిన్న గిన్నెని గుర్తు పెట్టుకుని ఇప్పటి గిన్నెతో పోల్చినప్పుడే తల్లికి భయం పుడుతుంది.

ఈ వయసు ఆడపిల్ల సగటు బరువు 11 కిలోల చుట్టూ. 8.7 కన్నా తగ్గితే తక్కువ బరువు అంటాం. మీ పాప మధ్యగీతకి కాస్త కింద ఉంది. ఏడాది అప్పుడూ, ఏడాదిన్నరప్పుడూ అక్కడే ఉంది. అంటే తన దారిలోనే తను నడుస్తోంది. ఒక గీత మీద ఉండాల్సిన పిల్ల కిందిగీతకి జారితే నేను కంగారు పడతాను. చిన్నగా, తన గీత మీద ఉన్న పిల్లకి కంగారు పడను.

ఇక్కడితో ఆగితే బాగుండేది, కానీ ఒక్కటి నువ్వు చెప్పలేదు. బామ్మగారు "పాలు తాగుతాది కదా" అన్నారు, నువ్వు ఔననీ కాదనీ అనలేదు. పాలు ఎన్ని, ఏ పాలు, దేనిలో? మూడు రోజుల పాటు నోట్లోకి వెళ్ళింది ప్రతిదీ రాసి పెట్టు. బిస్కట్టు ముక్క, టీ గుటక, దేన్నీ వదలకు.

ఆ సిరప్ మళ్ళీ వెయ్యకు. అలాంటి వాటిలో చాలాసార్లు ఉండేది అలర్జీకి వాడే మందు. ఆకలి పెరగడం దాని పక్క ప్రభావం, నువ్వు చూసిన మగతా అంతే. ఆపితే ఆకలి మళ్ళీ మామూలే. రెండేళ్ళలోపు పిల్లల్లో దాని భద్రత రుజువు కాలేదు.

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 24, మధ్యాహ్నం 3:10

పిన్నిగారూ, రాశాను.

బుధవారం: పొద్దున్న అర ఇడ్లీ. మధ్యాహ్నం రెండు ముద్దల పప్పన్నం. సాయంత్రం రెండు బిస్కట్లు. రాత్రి ఏమీ లేదు. పాలు నాలుగు సీసాలు.

గురువారం: పొద్దున్న ఏమీ లేదు. మధ్యాహ్నం నాలుగు చెంచాల పెరుగన్నం, ఒక అరటిపండు. సాయంత్రం అత్తయ్య టీలో ముంచి బిస్కట్టు పెట్టారు. రాత్రి ఒక ముద్ద. పాలు నాలుగు సీసాలు.

శుక్రవారం: పొద్దున్న అర దోశ. మధ్యాహ్నం పేరంటానికి వెళ్ళాం, సీసా పట్టుకెళ్ళడం మర్చిపోయాను. అక్కడ పులిహోర నాలుగు ముద్దలు తింది. రాత్రి ఇంటికొచ్చి కోడిగుడ్డు అట్టు మొత్తం తినేసి ఇంకా అడిగింది! అత్తయ్య ఆశ్చర్యపోయారు. పాలు రెండు సీసాలు.

సీసా అంటే 200 మిల్లీలీటర్లు. మా ఇంటి గేదె పాలే, నీళ్ళు కలపం, ఒక చెంచా పంచదార. లేవగానే ఒకటి, పదకొండింటికి ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునేటప్పుడు ఒకటి. తిండి ఎలాగూ తినదు, పాలైనా తాగనీ అని ఇస్తున్నాను.

చీపురుపల్లి నాన్న | జనవరి 24, మధ్యాహ్నం 3:40

అదిగో! నేను చెప్పలేదా పాలు ఆపమని? శుక్రవారం చూడండి, సీసా లేకపోతే తినేసింది.

డాక్టరు పిన్ని, విజయనగరం | జనవరి 24, రాత్రి 10:05

చీపురుపల్లి తమ్ముడూ, నువ్వు సగం కరెక్టు. పాలే కారణమన్నది నిజం. రెండు రోజులు అన్నీ ఆపడం తప్పు. ఈ వయసు పిల్లలు పస్తుని మనలా తట్టుకోలేరు. ఒంట్లో చక్కెర పడిపోవచ్చు. విరోచనాలో జ్వరమో మొదలైందనుకో, మొండితనం ఎక్కడ ఆగిందో నీరసం ఎక్కడ మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంకా, ఆకలితో లొంగదీసిన పిల్లకి కంచం అంటేనే పగ అవుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. ఈ వయసులో కిలో బరువుకి రోజుకి 80 కేలరీల చుట్టూ కావాలి. పదికిలోల పాపకి 800. చిక్కటి గేదె పాలు వంద మిల్లీలీటర్లలో వంద కేలరీలకి పైనే ఉంటాయి, ఆవుపాల కన్నా బాగా ఎక్కువ. నాలుగు సీసాలంటే 800 మిల్లీలీటర్లు, అందులోనే 800 దాటిపోయాయి. పంచదార పైన. అమ్మా, మీ పాప "ఏమీ తినట్లేదు" కాదు. రోజు మొత్తం కూడూ తాగేస్తోంది. కడుపు నిండిన మనిషి ముందు రెండో కంచం పెడితే మూతి తిప్పదా?

బామ్మగారి మాట మీదా చెప్పాలి. పాలుంటే పిల్ల బరువు పెరుగుతుంది, అది నిజం. అందుకే ఈ పిల్ల కార్డులో ఆకుపచ్చలో ఉంది. కానీ పాలలో ఇనుము దాదాపు లేదు. పైగా పాలలోని కాల్షియం వేరే తిండిలోని ఇనుమునీ ఒంటికి పట్టనివ్వదు. టీ ఇంకా ఎక్కువ అడ్డుపడుతుంది. బరువు బాగుండి, రక్తం పలచబడే పిల్లలు వీళ్ళే. తూనికలో దొరకరు. అందుకని మూడు ప్రశ్నలు: కనురెప్ప కిందిభాగం లాగి చూస్తే ఎర్రగా ఉందా, తెల్లగా ఉందా? మలం గట్టిగా వస్తోందా? మట్టి, గోడ సున్నం, సుద్దముక్క లాంటివి తింటోందా?

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 24, రాత్రి 10:50

పిన్నిగారూ, చదివి చేతులు వణికాయి. పెరట్లో గోడ పెచ్చులు గోటితో గీకి నోట్లో పెట్టుకుంటోంది, రెండు నెలలైంది. అల్లరి అనుకుని కొట్టాను కూడా. మలం మూడు రోజులకోసారి, ఏడుస్తూ వెళ్తుంది. కనురెప్ప మావారి కన్నా తెల్లగానే ఉంది. ఇంత తప్పు చేశానా?

టెక్కలి బామ్మ | జనవరి 25, ఉదయం 5:50

ఏడవకు తల్లీ. పాలు పోసినందుకు తల్లిని ఎవరూ తప్పు పట్టరు. పెరటి గేదె ఉంటే పిల్లకి పాలు పొయ్యకుండా ఎలాగుంటాం? నాకూ ఈ సంగతి తెలవదు. మా మనవరాలూ సున్నం గీకేది. నూలిపురుగులని మందేసినాం, అంతే. రక్తం చూపించనేదు. బేగి చూపించు.

డాక్టరు పిన్ని, విజయనగరం | జనవరి 25, ఉదయం 7:15

బామ్మగారు చెప్పినట్టే, ఇందులో నీ తప్పు లేదు. తప్పంటూ వెతికితే అది నాలుగు సీసాలు తాగే పిల్లని చూసి "బాగుంది" అనే మన అలవాటుది.

గోడ గీకడం అల్లరి కాదు. ఇనుము తక్కువైన పిల్లల్లో కనబడే లక్షణం. ఆ లోపమే ఆకలినీ చంపుతుంది. అంటే పాలు కడుపు నింపి తిండిని ఆపాయి, తిండి లేక ఇనుము పడిపోయింది, ఇనుము పడిపోయి ఆకలి ఇంకా తగ్గింది. మలబద్ధకం వేరే. పేగు నిండి ఉన్న పిల్ల తినలేదు. రేపే మీకు దగ్గరున్న పిల్లల డాక్టరుకి చూపించి హిమోగ్లోబిన్ చేయించు. ఫలితం వచ్చాక మందు ఆయన రాస్తారు. మందు ఎంతో ఇక్కడ అడగొద్దు. ఐరన్ డ్రాప్స్‌కీ సిరప్‌కీ గాఢత చాలా తేడా, ఒకదాని కొలత ఇంకోదానికి వాడితే ప్రమాదం. సీసా పిల్లకి అందనంత ఎత్తులో పెట్టు, తియ్యగా ఉంటుందని ఎత్తి తాగేస్తే ప్రాణం మీదకి వస్తుంది.

గజపతినగరం రమణ | జనవరి 25, ఉదయం 9:00

మందులెందుకండీ? బెల్లం, ఖర్జూరం, బీట్‌రూట్ పెడితే నెలలో రక్తం పడుతుంది. మా అమ్మ మా అందరినీ అలాగే పెంచింది.

డాక్టరు పిన్ని, విజయనగరం | జనవరి 25, మధ్యాహ్నం 2:30

రమణగారూ, బీట్‌రూట్ రంగు రక్తం రంగు కాబట్టి ఆ నమ్మకం వచ్చింది. అందులో, బెల్లంలో ఉన్న ఇనుముతో తగ్గిపోయిన రక్తాన్ని నింపాలంటే పిల్ల తినలేనంత తినాలి. లోటు పడకుండా చూడ్డానికి తిండి, పడిన లోటుకి మందు. ఆ తిండిలోనూ బాగా పట్టేది చేప, కోడి కార్జం. శాకాహారులైతే పప్పు, ఆకుకూర మీద నిమ్మరసం పిండి పెట్టాలి.

నెల్లిమర్ల తల్లి | జనవరి 26, రాత్రి 9:20

అందరూ పాలు, రక్తం అంటున్నారు కాబట్టి మా బాబు సంగతి కూడా చెప్పాలనిపించింది. వాడికి ఇప్పుడు మూడున్నర. రెండేళ్ళప్పుడు అందరూ "వయసు ప్రభావం, పోతుంది" అన్నారు. పోలేదు. వాడు తినేవి అయిదే: తెల్లన్నం, అప్పడం, ఒకే కంపెనీ బిస్కట్టు, మరమరాలు, దోశ అంచు. మెత్తగా, తడిగా ఏది తగిలినా వాంతి. పిలిస్తే తిరిగి చూడడు, మాటలు రాలేదు. ఒక టీచరమ్మ చెప్తే జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డీఈఐసీ సెంటర్‌కి తీసుకెళ్ళాం, ఇప్పుడు థెరపీ నడుస్తోంది. తిండి ఒక్కటీ విడిగా చూసి ఏడాది పోగొట్టుకున్నాం. మీ పాప పిలిస్తే చూస్తుందా, మాటలు వస్తున్నాయా?

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 27, సాయంత్రం 6:35

అక్కా, మా పాప బాగా మాట్లాడుతుంది, "అమ్మ బువ్వ వద్దు" అని స్పష్టంగా చెప్తుంది. మీ బాబు తొందరగా కోలుకోవాలి.

పరీక్ష వచ్చింది. హిమోగ్లోబిన్ 9.1. పదకొండు ఉండాలట. డాక్టరుగారు ఐరన్ సిరప్ రాశారు, మలం మెత్తబడడానికి ఇంకో సిరప్ ఇచ్చారు. పాలు రోజుకి రెండు గ్లాసులు దాటొద్దన్నారు. ఆ రెండుకి ఎలా దిగాలో చెప్పండి. సీసా తీసేస్తే ఇల్లు పీకి పందిరేస్తోంది.

అంగన్‌వాడీ టీచర్, బొబ్బిలి వైపు | జనవరి 27, రాత్రి 8:45

ఇది నేను చెప్తాను, ఇలాంటి ఇళ్ళు చాలా చూశాను. ఒక్కసారి నాలుగూ తీయకు. ముందు పదకొండు గంటల సీసా ఆపు, ఎందుకంటే మధ్యాహ్నం అన్నాన్ని తినేస్తున్నది అదే. ఆ టైముకి పిల్లని ఇంట్లో ఉంచకు, వీధిలోకో గుడికో తీసుకెళ్ళు. నాలుగు రోజులు గడిచాక సాయంత్రంది. మిగతా రెండూ సీసాలో కాదు, స్టీలు గ్లాసులో, 200 కన్నా ఎక్కువ పొయ్యకుండా, తిండి తర్వాతే. పంచదార వద్దు. సీసా చప్పరిస్తూ ఎంత తాగామో పిల్లకి తెలియదు, గ్లాసైతే ఆగుతుంది. పడుకునేముందు సీసా చివర తీసేది. అది పళ్ళు పుచ్చడానికి కూడా కారణం.

కూడు రోజుకి మూడుసార్లు, చిరుతిండి రెండుసార్లు. వాటి మధ్య నీళ్ళు తప్ప ఏమీ వద్దు. టీ అస్సలు వద్దు. కంచం ముందు ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. తినకపోతే ఏమీ అనకుండా కంచం తియ్యి. తర్వాతి టైముకి మళ్ళీ పెట్టు. ముక్కు మూసి, పడుకోబెట్టి, ఏడుస్తుంటే నోట్లో పొయ్యకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

చిన్నితల్లి అమ్మ, రాజాం | జనవరి 27, రాత్రి 9:10

ఫోన్ లేకుండా రెండు ముద్దలు కూడా లోపలికి పోవు టీచర్‌గారూ. పెద్దవాళ్ళు "పిల్ల పస్తు పడుకుంటోంది" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఒక పూట తినకపోతే నేను ఎలా ఊరుకోను?

డాక్టరు పిన్ని, విజయనగరం | జనవరి 27, రాత్రి 11:00

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. 1991లో అమెరికాలో లీయాన్ బర్చ్ అనే పరిశోధకురాలి బృందం 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలు 15 మందికి ఆరు రోజుల పాటు ఒకే రకం తిండి ఇచ్చి, తిన్నదంతా తూచింది. పూటకీ పూటకీ ఒకే పిల్ల తినేది మూడో వంతు దాకా అటూ ఇటూ అయింది. రోజు మొత్తం లెక్కేస్తే తేడా పదో వంతే. పొద్దున్న తక్కువ తిన్న పిల్ల మధ్యాహ్నమో రాత్రో తనే సరిచేసుకుంది. నీ రాతలోనూ అదే ఉంది చూడు: శుక్రవారం మధ్యాహ్నం సీసా లేదు, రాత్రి గుడ్డు అట్టు మొత్తం తినేసింది. ఆ లోపలి లెక్క నీ పాపలో బాగానే పనిచేస్తోంది. అది పాలనీ కలిపి లెక్కేస్తోంది, నువ్వు పాలని లెక్కలోకి తీసుకోలేదు.

అందుకని పూటని చూడకు, వారం చూడు. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో నువ్వు చూసుకో. ఎంత తినాలో పిల్లకి వదిలెయ్యి. ఫోన్ పెడితే పిల్ల నోరు తెరుస్తుంది కానీ కడుపు చెప్పేది వినడం ఆగిపోతుంది. ఒక్కసారి తీసెయ్యలేకపోతే ముందు రాత్రి పూటకి తియ్యి. తన చేత్తో తిననీ, ఒంటినిండా పూసుకోనీ. ముందే పెద్ద కుప్ప పెట్టకు, రెండు చెంచాలు వేసి అడిగితే వెయ్యి. కొత్త కూర ఒకసారి ఉమ్మితే నచ్చలేదని రాసెయ్యకు, ఎనిమిది పది సార్లు కంచంలో కనబడితేనే కొందరు నోట్లో పెట్టుకుంటారు. ఇన్నేళ్ళుగా నాకు ఇంకా అంతుపట్టనిదీ ఒకటుంది: ఒకే ఇంట్లో, ఒకే చేతి వంటకి ఒక పిల్ల అన్నీ తింటుంది, ఇంకోటి అయిదింటి దగ్గరే ఆగుతుంది. పుట్టుకతోనే కొంత ఉంటుందని నా నమ్మకం.

జ్వరంగా, నీరసంగా ఉండి తినకపోయినా, నీళ్ళు కూడా వద్దన్నా, ఒంటేలు తగ్గినా, మింగేటప్పుడు దగ్గు వచ్చినా, బరువు తగ్గినా అప్పుడు ఈ సూత్రం వర్తించదు, నేరుగా చూపించాలి.

టెక్కలి బామ్మ | జనవరి 28, ఉదయం 6:10

డాక్టరమ్మా, ఎంత తినాలో పిల్లకి ఒగ్గెయ్యడం బాగానే ఉంది, కానీ ఇంట్లో ముసలోళ్ళకి మనసు ఒప్పదు. మేం కరువు చూసినోళ్ళం. పిల్ల బొజ్జ నిండనేదంటే నిద్రట్టదు. ఆ పెద్దామెకి చిన్న పని ఒకటి అప్పజెప్పండి, గుడ్డట్టు వెయ్యమని, ముద్దలు కలపమని. ఏమీ చెయ్యకండి అంటే చాటుగా పాలు పోసేస్తాది. నానైనా అంతే.

చిన్నితల్లి అమ్మ, రాజాం | ఫిబ్రవరి 13, సాయంత్రం 7:00

మొదటి వారం నరకం. పదకొండింటికి సీసా కోసం గంటసేపు ఏడ్చింది, నాలుగో రోజుకి మర్చిపోయింది. బామ్మగారూ, మీరు చెప్పినట్టే వంట పని అత్తయ్యకి ఇచ్చాను. ఇప్పుడు ఆవిడే నిమ్మకాయ పిండి పాలకూర పప్పు కలిపి పక్కన కూర్చుంటున్నారు, తినిపించరు. పాలు రెండు గ్లాసులకి వచ్చాయి. సిరప్ రెండు పూటల మధ్య, పాలకి దూరంగా నిమ్మరసం నీళ్ళతో వేస్తున్నాను. మలం నల్లగా వస్తే భయపడ్డాను, మందు వల్లే అన్నారు. ఫిబ్రవరి 10న మా సెంటర్లో నులిపురుగుల మాత్ర సగం పొడిచేసి వేశారు, రెండేళ్ళు నిండలేదని సగమే.

గోడ జోలికి వెళ్ళి పది రోజులైంది. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం తింటోంది. అయితే కూరగాయ ముక్క కనిపిస్తే ఇప్పటికీ ఏరి పక్కన పెడుతుంది. వంకాయ ఆరుసార్లు పెట్టాను, ఆరుసార్లూ నేల మీద పడింది. రాత్రి పూట కొన్ని రోజులు ఏమీ తినదు.

చీపురుపల్లి నాన్న | ఫిబ్రవరి 13, రాత్రి 8:20

చాలా సంతోషం చెల్లెమ్మా. నేను ఆ రోజు పాలన్నీ ఒక్కసారి ఆపమన్నది తప్పే, ఒప్పుకుంటున్నాను. మా వాడికీ రక్తం చూపించాను, పది. డాక్టరుగారికి చూపిస్తున్నాం.

చిన్నితల్లి అమ్మ, రాజాం | ఫిబ్రవరి 26, మధ్యాహ్నం 12:15

రక్తం మళ్ళీ చూశారు. 10.3. బరువు 10.2 మాత్రమే, నెలలో వంద గ్రాములు. అత్తయ్య "ఇంత తింటున్నా పెరగలేదే" అంటున్నారు. ఐరన్ ఇక ఆపెయ్యొచ్చా?

డాక్టరు పిన్ని, విజయనగరం | ఫిబ్రవరి 26, రాత్రి 9:30

ఆపొద్దు. నెలలో ఒక గ్రాముకి పైగా పెరిగిందంటే మందు పట్టింది, కారణం ఇనుమే అని తేలింది. కానీ రక్తం మామూలుకి వచ్చాక కూడా ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకో రెండు మూడు నెలలు వెయ్యాలి. మధ్యలో ఆపితే వేసవిలో మళ్ళీ గోడ దగ్గరికే వెళ్తుంది. ఎప్పుడు ఆపాలో మీ డాక్టరుగారే చెప్తారు.

బరువుకి వస్తే, రోజుకి 400 మిల్లీలీటర్ల గేదె పాలు తగ్గాయంటే 400 కేలరీలకి పైగా తగ్గాయి. అంత తిండి అప్పుడే ఎక్కదు. ఒక నెల బరువు ఆగినా నాకు ఆశ్చర్యం లేదు. అత్తయ్యగారితో చెప్పు, ముద్దలో ఒక చెంచా నెయ్యి వెయ్యమని, అన్నం పరిమాణం పెంచకుండానే బలం పెరుగుతుంది. మార్చి చివర, ఏప్రిల్ చివర మళ్ళీ తూయించి ఆ రెండు చుక్కలూ ఇక్కడ రాయి. రెండు నెలలు వరసగా గీత కిందికి దిగితే మళ్ళీ మొదటి నుంచి చూద్దాం. వంకాయ సంగతి ఏడోసారి పెట్టి చెప్పు.